పేజీకి ఎంత, పదానికి ఎంత?

సిరిసిల్లలో చిన్న ప్రెస్సు నడిపే ఆయన ఒకరు, కోరుట్లలో ఇంటి నుంచే ఇంగ్లీషు–తెలుగు అనువాదాలు చేసే ఆమె ఒకరు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్లే కావడంతో వాళ్ల పంచాయితీ ఒక శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాలలో మా ఇంటికి వచ్చింది. గల్ఫ్‌కు కూలికి పోయేవాళ్ల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ చేతిపుస్తకం వేయిస్తోంది. ఇంగ్లీషులో 24 పేజీలు. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటే ఏం చేయాలి, కంపెనీతో ఒప్పందంలో ఏమేం చూసుకోవాలి, ఇకామా పోతే ఎవరికి చెప్పాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజన ఎట్లా పనిచేస్తుంది, ఇవీ అందులోని సంగతులు. దుబాయికో మస్కట్‌కో మనిషిని పంపని వాడకట్టు ఈ మూడు ఊళ్లలో వెతికినా దొరకదు గనుక పుస్తకం కావాలా అన్న ప్రశ్నే లేదు. తగాదా అంతా రేటు దగ్గర, గడువు దగ్గర.

ప్రెస్సాయన: చెల్లే, 24 పేజీలు. పేజీకి నూటయాభై చొప్పున 3,600 ఇస్త. సోమవారం పొద్దుగాల సిరిసిల్లల ట్రైనింగు ఉన్నది, అప్పటికి కావాలె.

అనువాదకురాలు: పేజీ అంటే ఏ పేజీ అన్నా? రెండో పేజీల ఒక పెద్ద బొమ్మ, కింద నాలుగు లైన్లు. పదకొండో పేజీల సన్నటి అక్షరాలతోని 600 పైచిలుకు పదాలున్నయి. రెండింటికీ నూటయాభయేనా?

ప్రెస్సాయన: ఒకటి ఎక్కువుంటది, ఒకటి తక్కువుంటది, సగటున సరిపోతది. మేము డీటీపీకి పేజీ లెక్కనే తీసుకుంటం, ఎవ్వలూ అడగరు.

అనువాదకురాలు: మీరు తయారుచేసేది పేజీనే గాబట్టి మీకు ఆ లెక్క కుదురుతది. నా పని వాక్యంతోని. అదే మ్యాటర్ డిజైన్ చేసినాయన అక్షరం సైజు పెంచితే 36 పేజీలైతుండె, తగ్గిస్తే 18 అయితుండె. నేను చేసే పని మాత్రం మారదు. మీ సాంచాల మీద కూలి మీటరుకే ఇచ్చినా, పీకులు ఎక్కువ పడే బట్టకు మీటరు రేటు ఎక్కువ ఇస్తరా లేదా?

ప్రెస్సాయన: సిరిసిల్లోనికి సాంచాల లెక్క చెప్పుతున్నవా! సరే, నీ పదాలెన్నో చెప్పు.

ఆమె లాప్‌టాప్ తెరిచింది. పీడీఎఫ్‌ను వర్డ్ ఫైలుగా మార్చి పెట్టుకుంది. స్క్రీన్ కింద ఎడమ మూల కనిపించే అంకె మీద నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. టెక్స్ట్ బాక్సుల్లోవి, ఫుట్‌నోట్లలోవి కూడా లెక్కలోకి రావాలంటే ఆ పెట్టెలోనే టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టాక 9,300 చూపించింది.

ప్రెస్సాయన: ఆగు. ప్రతి పేజీ నెత్తి మీద పుస్తకం పేరు ఉన్నది సూడు. అసలు వర్డ్ ఫైలైతే హెడర్‌ను లెక్కపెట్టదు. నువ్వు పీడీఎఫ్ నుంచి మార్చినవు గాబట్టి అది మామూలు మ్యాటర్ లెక్కన కిందికి దిగింది. ఐదు పదాలు, 24 సార్లు. ఒకే పేరును 24 సార్లు అనువాదం చేస్తవా?

అనువాదకురాలు: మంచిగ పట్టిండ్రు. 120 తీసేద్దాం, 9,180. మరి బొమ్మల్లో ఉన్న రాతలు? విమానాశ్రయంల ఏ కౌంటర్ తర్వాత ఏ కౌంటర్‌కు పోవాలో చూపే పటం ఉన్నది, జీతం స్లిప్పు నమూనా ఉన్నది. అవి బొమ్మలు, వర్డ్‌కు కనపడవు. చేత్తోని లెక్కపెట్టిన, 420 ఉన్నయి. మొత్తం 9,600.

లెక్కలో ఇద్దరూ నిజాయితీగానే ఉన్నారు. తేడా ఫైలులో ఉంది. అందుకే ఏ పనికైనా కంప్యూటర్ చూపించిన అంకె ఒక్కటే చాలదు, ఏమేం కలిపారో ఏమేం తీసేశారో ఇద్దరూ ఒకసారి చూసుకోవాలి. స్కాన్ చేసిన కాగితాలైతే కంప్యూటర్ అంకె కూడా ఉండదు. ఒత్తుగా ఉన్న పేజీ ఒకటి, మామూలుది ఒకటి, పలుచనిది ఒకటి చేత్తో లెక్కపెట్టి సగటు కట్టడమే దారి.

అనువాదకురాలు: పదానికి రూపాయిన్నర. 14,400.

ప్రెస్సాయన: నాలుగింతలు! ఇంగ్లీషు పదాలెందుకు లెక్కపెట్టాలె? నువ్వు ఇచ్చేది తెలుగు. తెలుగు పదాలు లెక్కపెట్టు, దానికి రూపాయిన్నర ఇస్త.

అనువాదకురాలు: తెలుగుల విభక్తులు, 'లో' 'కి' 'తో'లు అన్నీ పదానికే అతుక్కుంటయి. ఇంగ్లీషుల మూడు నాలుగు పదాలు పట్టేది తెలుగుల ఒక్క పదంల కూర్చుంటది. నా పాత ఫైళ్లల్ల చూసుకున్న, వెయ్యి ఇంగ్లీషు పదాలు తెలుగుల ఏడు వందల దగ్గర తేలుతయి. ఆ లెక్కన ఇది 6,720. రూపాయిన్నరైతే 10,080. పని అదే, పైసలు మూడో వంతు దాకా పోయినయి. తెలుగు లెక్కనే కావాలంటే రేటు రెండు రూపాయల పద్నాలుగు పైసలు పెట్టుండ్రి, నాకు అభ్యంతరం లేదు.

ప్రెస్సాయన: ఒకటే అయితే తెలుగు లెక్కకే పోదాం.

నేను: ఒకటి కాదు. తెలుగు లెక్క పెడితే పని అయిపోయేదాకా మొత్తం ఎంతో నీకే తెలియదు, సంస్థకు ఏం చెప్తవు? పైగా అందులో ఒక చెడు దారి ఉన్నది. 'చేయవలసివుంటుంది' అని కలిపి రాస్తే ఒకటి, విడగొట్టి 'చేయవలసి ఉంటుంది' అంటే రెండు. ఆమె విడగొట్టుకుంటూ పోతే నువ్వు స్పేసులకు పైసలు కట్టాలె. ఇంగ్లీషు ఫైలు ఇప్పుడే మన ముందు ఉన్నది, దాని అంకె మారదు.

ఇక్కడ ఆయన ఒప్పుకున్నాడు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయే పనైతే లెక్క తిరగబడుతుంది. మూలం తెలుగైనప్పుడు పదాలు తక్కువ కనిపిస్తాయి గనుక పదం రేటు ఎక్కువ అడగాలి. ఈ సంగతి తెలియక ఇటూ అటూ ఒకే రేటు చెప్పేవాళ్లను నేను చూశాను.

ప్రెస్సాయన: ఇంకొకటి. సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమాన్, బహ్రెయిన్, ఆరు దేశాలకు ఆరు భాగాలున్నయి. పాస్‌పోర్టు యజమానికి ఇయ్యద్దు, రసీదు లేకుండ సంతకం పెట్టద్దు అన్న పేరాలు ఆరింట్లనూ అవ్వే. ఒకసారి చేసి ఐదుసార్లు కాపీ కొడ్తవు. దానికి కూడ రూపాయిన్నరనా?

అనువాదకురాలు: పూర్తిగా కాదు. నా దగ్గర ఒమేగాటీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నది, ఫ్రీగా దొరుకుతది. ముందు చేసిన వాక్యం మళ్ళ వస్తే గుర్తుపట్టి పాత తెలుగును చూపిస్తది. అట్ల మళ్ళ మళ్ళ వచ్చినవి 1,600 పదాలు తేలినయి. వాటికి పదానికి 45 పైసలు తీసుకుంట.

ప్రెస్సాయన: అవి కూడ ఎందుకు? మిషినే పెడ్తున్నది గదా.

అనువాదకురాలు: పెడ్తున్నది, అక్కడ్నే మోసం. ఉద్యోగం మానేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇయ్యాలె అన్న పేరా చూడుండ్రి. ఆరు దేశాలకూ మాటలన్నీ ఒకటే, అంకె మాత్రం మారుతది. సాఫ్ట్‌వేర్ దాన్ని 'దాదాపు అదే వాక్యం' అని పాత దేశం అంకెతోనే తెచ్చి పెడ్తది. నేను చదవకుండ ఒత్తుకుంట పోతే కువైట్ భాగంల సౌదీ అంకె పడ్తది. ఆ 45 పైసలు చదివినందుకు, రాసినందుకు కాదు.

లెక్క మళ్లీ వేశాం. కొత్త పదాలు 8,000కు 12,000, తిరిగి వచ్చినవి 1,600కు 720. మొత్తం 12,720. ఈ ఒక్క అంశంలో ప్రెస్సాయన అడగకపోతే ఆమె తనంతట తాను తగ్గించేది కాదని నా అనుమానం. ఇట్లాంటి చోట బేరం ఆడడం తప్పు కాదు.

ప్రెస్సాయన: సరే, సోమవారం పొద్దుగాలకు ఇచ్చెయ్.

అనువాదకురాలు: అన్నా, ఇట్లాంటి మ్యాటర్ రోజుకు రెండు వేల పదాలు చేస్త. ఎనిమిది వేలకు నాలుగు రోజులు, మళ్ళ మొత్తం చదువుకోనీకి ఒక రోజు. ఇయ్యాల శుక్రవారం. మీరు చెప్పే గడువుకు మూడు రాత్రులు, రెండు పగళ్లు ఉన్నయి.

ప్రెస్సాయన: అర్జెంటు చార్జి పడేసుకో. ఎంత, సగం ఎక్కువనా?

అనువాదకురాలు: రెండింతలిచ్చినా రోజుకు మూడు వేలు దాటి చెయ్య. దాటితే నా చేతిల ఏం తప్పులొస్తయో నాకు ఎరుకే. అక్షరదోషాలు కావు, అవి మీ ప్రూఫుల దొరుకుతయి. అలసిపోయినప్పుడు కన్ను జారేది 'వద్దు', 'కాదు' దగ్గర. పాస్‌పోర్టు యజమానికి ఇవ్వద్దు అన్నది ఇవ్వాలి అని పడ్డా తెలుగు మంచిగనే ఉంటది, ప్రూఫు చూసేటాయనకు అనుమానం రాదు. బీమా ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. ఆ రెండూ తారుమారైతే ఎవ్వలు పడ్తరు? అందుకే ఆఖర్న రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకొని ఒకసారి అంకెలు మాత్రమే చూస్త, ఇంకోసారి 'వద్దు', 'కాదు', 'లేదు' మాత్రమే చూస్త. గడువు తక్కువైతే ముందుగాల ఎగిరిపోయేది ఆ చదువుడే.

ప్రెస్సాయన: అయితే సగం జగిత్యాలల ఇంకొకరికి ఇస్త.

అనువాదకురాలు: ఇయ్యుండ్రి. కాని ఇద్దరం మొదలుపెట్టే ముందే ముప్పై నలభై మాటలకు పట్టిక కావాలె. నేను 'యజమాని' అంటే ఆమె 'కఫీల్' అంటది, నేను 'జీతం' అంటే ఆమె 'వేతనం' అంటది. చదివే పిలగాడు ఇవి వేర్వేరు అనుకుంటడు. ఆఖరికి రెండు సగాలను ఒక్కరు చదివి కలపాలె, దానికి వేరే పైసలు.

నేను: సోమవారం ట్రైనింగుల 24 పేజీలూ చదువుతరా?

ఆయన ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ రోజు చెప్పేది రెండే రెండు సంగతులు, ఒప్పందం, వీసా. ఆరు పేజీలు, 2,400 పదాలు. మిగతా పుస్తకం వచ్చే నెల పంచుతారట. అంటే గడువు నిజమే, కానీ పావు పుస్తకానికే. 'అర్జెంటు' అని వచ్చే పనుల్లో సగానికి పైగా ఇట్లానే ఉంటాయని ఆమె అంది. ఏ భాగం, ఎవరి చేతికి, ఏ గంటకు అని అడిగితే పని దానంతట అదే చిన్నదవుతుందట.

అనువాదకురాలు: ఆ 2,400 రేపు రాత్రి వరకు ఇస్త, ఆదివారం మీరు పేజీలు పెట్టుకోండి. వాటికి సగం ఎక్కువ, పదానికి ముప్పావలా చొప్పున 1,800. మిగిలింది వచ్చే శుక్రవారానికి, మామూలు రేటుకే.

ప్రెస్సాయన: మొన్న ఎవరిదో గల్ఫ్‌ల సచ్చిపోయిన మనిషి కాగితాలు రాత్రికి రాత్రే తెలుగు చేసి ఇచ్చినవట, అర్జెంటు చార్జి తీసుకోలేదట. నాకు మాత్రం లెక్కలు చెప్పుతున్నవు.

అనువాదకురాలు: అది ఒక్క పేజీ. మామూలుగ ఒంటి కాగితం పదం లెక్కన చెయ్య, నూట ఇరవై పదాలకు 180 వస్తది, పేర్లు పాస్‌పోర్టుతోని సరిచూసుకునే దానికే అంత టైం పడ్తది. కాబట్టి ఎంత చిన్నదైనా 300. ఆ ఇంటోళ్ల దగ్గర అదే తీసుకున్న, రాత్రి చేసినందుకు పైన తీసుకోలేదు. వాళ్ల గడువు వాళ్ల చేతిల లేదు. మీ ఫైలు మీకు ఎప్పుడొచ్చింది?

ప్రెస్సాయన: ... సోమవారం.

అనువాదకురాలు: నాలుగు రోజులు మీ దగ్గరనే ఉన్నది.

ప్రెస్సాయన: పార్టీతోని రేటు మాట్లాడుతున్న. అది తెగకుండ నీకెట్ల ఇస్త?

నేను: పార్టీకి ఎంత చెప్పినవు?

చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. అనువాదం, పేజీలు పెట్టడం, ప్రూఫు అన్నీ కలిపి 18,000, అచ్చు ఖర్చు వేరే. పదాలు లెక్కపెట్టకుండానే, పేజీలు చూసి చెప్పాడు. ఆ పద్దెనిమిదిలోంచి ఆమెకు 3,600 ఇస్తే ఆయనకు మిగిలేది 14,400. ఆమె మొదట అడిగిన మొత్తం కూడా సరిగ్గా అంతే. నేను ఆ మాట పైకి అన్నాను. ఆయన నవ్వలేదు.

ప్రెస్సాయన: నేను మోసం చెయ్యాలని కాదు. ప్రూఫులు నాలుగుసార్లు తిరుగుతయి, పార్టీ ఆఖర్న కొంత కోస్తది. అవన్నీ నా మీదనే. ఇప్పుడు 12,720, అర్జెంటుకు 1,800, మొత్తం 14,520. నాకు మూడున్నర వేలు కూడ మిగలవు.

అనువాదకురాలు: రేటు తగ్గించ, పని తగ్గిద్దాం. ఆఖర్న దౌత్య కార్యాలయాల అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్నయి, 600 పదాలు. వాటిని తెలుగు లిపిల రాస్తే అక్కడి టాక్సీ ఆయనకు చూపించనీకి కూడ పనికిరావు. ఇంగ్లీషులనే ఉంచుండ్రి, నేను ముట్టుకోను. 900 తగ్గుతయి.

అట్లా కొత్త పదాలు 7,400కు వచ్చాయి. 11,100, దానికి 720, దానికి అర్జెంటు 1,800, అన్నీ కలిపి 13,620. ప్రెస్సుకు 4,380 మిగులుతుంది, అంటే పేజీకి 180 పైన. ఆయన మామూలు డీటీపీ రేటు కంటే అది తక్కువేమీ కాదు. అర్జెంటు చార్జి సంస్థ నెత్తిన వేస్తానన్నాడు. ఫైలు నాలుగు రోజులు ఆపింది ఆయన గనుక అది ఆయనే భరించాలని నేను అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

ఇక మిగిలింది ఫాంట్ల గొడవ. ఇది పైకి చిన్నదే కానీ, పని అంచనాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆమె యూనికోడ్‌లో టైపు చేస్తుంది. ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పేజీలు పెడతాడు. మధ్యలో కన్వర్టర్‌తో మార్చాలి. మార్చినప్పుడు కొన్ని వత్తులు స్థానం తప్పుతాయి. అంతకంటే పెద్ద సమస్య, తెలుగు మధ్యలో ఉన్న ఇంగ్లీషు. emigrate.gov.in అన్న వెబ్‌సైటు పేరు మీద అను ఫాంటు పడితే తెలుగు అక్షరాల కలగూరగంప అవుతుంది. చూడగానే తెలుగులాగే ఉంటుంది గనుక తెలుగు రానివాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు పట్టుకోలేరు.

ప్రెస్సాయన: ఆ ప్రూఫు నువ్వే చూడాలె, నీ మ్యాటరే గదా.

అనువాదకురాలు: నేనిచ్చిన ఫైలుల తప్పుంటే ఎన్నిసార్లైనా ఊరికే దిద్దుత. ఫాంటు మార్చినంక వచ్చినవి మీవి. అయినా పేజీలు పెట్టినంక ఒక్కసారి మొత్తం చూసి ఇస్త, అది ఈ 13,620లనే ఉన్నది. సంస్థోళ్లు చెప్పేవన్నీ ఒకే కాగితం మీద, ఏడు రోజుల్లోపల రావాలె. రోజుకొకటి ఫోన్‌ల చెప్తే కుదరదు.

ప్రెస్సాయన: వాళ్లు ఇంగ్లీషునే మారిస్తే?

అనువాదకురాలు: ఇయ్యాల్టి తారీకుతోని ఈ ఫైలు మన ముగ్గురి దగ్గర ఉంటది. దాంట్ల లేనిది కొత్త పని. పదం లెక్కన మళ్ళ పైసలు, గడువు కూడ అంత జరుగుతది.

ప్రెస్సాయన: పైసలు పార్టీ ఇచ్చినంక ఇస్త.

అనువాదకురాలు: నాకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నది అన్నా. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకున్నా 45 రోజులు దాటనియ్యద్దు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. అంతవరకు తీసుకపోవద్దు. 6,000 ముందు, మిగిలింది ఆఖరి ఫైలు ఇచ్చిన 15 రోజులల్ల.

వాట్సాప్‌లో నేనే రాసి ఇద్దరికీ పంపాను. ఏ ఫైలు, ఎన్ని పదాలు, ఏవి వదిలేశాం, ఏ భాగం ఎప్పటికి, ఎంత, ఒక ప్రూఫు, పైసలు ఎప్పుడు. గడువు అడ్వాన్సు పడిన గంట నుంచి మొదలవుతుందని ఆఖరి లైను ఆమె కలిపించింది. ఇద్దరూ 'ఓకే' అని పెట్టారు. ఆరు వేలు సాయంత్రం ఐదింటికి ఆమె ఫోన్‌లో పడ్డాయి.

ఒక్కటి తేలలేదు. ప్రూఫు చూసి సంస్థవాళ్లు 'భాష ఇంకా తేలికగా ఉండాలి' అంటే అది తప్పు దిద్దడమా, కొత్త పనా? ప్రెస్సాయన దిద్దుబాటే అన్నాడు, ఆమె కొత్త పనే అంది. ముందుగా ఒక పేజీ చేసి పంపి, వాళ్లు సరే అన్నాకే మిగతాది మొదలుపెట్టాలని నా అభిప్రాయం. సోమవారం గడువు వల్ల అందుకు ఈసారి తీరిక లేకపోయింది.

ప్రెస్సులు నడిపేవాళ్లకు ఒక్క మనవి. పార్టీకి రేటు చెప్పకముందే ఫైలును అనువాదకులకు ఒక గంట పంపండి. లెక్కపెట్టి చెప్పినందుకు ఎవరూ పైసలు అడగరు.